కౌలు చేను వదిలేస్తున్నారా? నోటిమాట చాలదు

మాది గోదావరి డెల్టా. మా ఊళ్లో కౌలు చీటీలు, లెక్కలు నేనే రాసిపెడుతుంటాను. దాళ్వా కోతలయ్యాక చేను వదిలేద్దామనుకునేవాళ్లు ఏం చేయాలో ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. మీ నాన్నగారు కౌలు చేస్తుంటే ఈ పని ఫోన్ పట్టుకున్న మీరే చేసిపెట్టొచ్చు.

మా దగ్గర ఎక్కువ కౌళ్లు నోటిమాట మీదే నడుస్తాయి. "వచ్చే ఏడు చేయనండి" అని గట్టు మీద చెప్పి వచ్చేస్తాం. సార్వా నారుమళ్ల టైముకి యజమాని "నువ్వే చేస్తావనుకుని ఇంకొకరికి ఇవ్వలేదు, కౌలు కట్టు" అంటే మన దగ్గర రుజువు ఉండదు. సాగుదారు కార్డు ఉందిగా అంటారేమో. దాని గడువు 11 నెలలే, నిజమే. కానీ కార్డు గడువు తీరితే బాకీ తీరినట్టు కాదు.

అందుకే కోతలకి ముందే ఒక కాగితం రాయండి. ఇలా రాస్తే చాలు: "అయ్యా, ఫలానా సర్వే నంబరులో మీ రెండెకరాలు నేను కౌలుకు చేస్తున్నాను. ఈ దాళ్వాతో కౌలు మానుకుంటున్నాను. ఏప్రిల్ 30న చేను అప్పగిస్తాను. ఆ రోజే లెక్క చూసుకుందాం." రెండు కాపీలు రాసి, మీ కాపీ మీద ఆయన సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టనంటే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

ఇక లెక్క. ఉదాహరణకి ఎకరానికి ఏడాదికి 28 బస్తాల కౌలు అనుకుందాం. రెండెకరాలకి 56. సార్వాలో 30 కొలిచేశారు, మిగిలింది 26. బస్తా 1,700 చొప్పున 44,200 రూపాయలు. యజమాని చెప్తేనే మోటారు బాగుచేయించి మీరు 6,000 పెట్టారు. అది పోతే ఇవ్వాల్సింది 38,200. గొడవ వచ్చేది రెండు చోట్లే: బస్తా ధర ఏ రోజుది, మోటారు బిల్లు ఏది. ధర ఏ రోజుదో ఆ మొదటి కాగితంలోనే రాసేయండి. బిల్లు ఫొటో తీసి, ఆ రోజే యజమానికి వాట్సాప్‌లో పంపండి.

డబ్బు ఫోన్‌పేలో కొట్టినా సరే, "కౌలు బాకీ పూర్తిగా ముట్టింది, చేను స్వాధీనం చేసుకున్నాను" అని ఆయనతో రాయించుకోండి. ఒక సాక్షి సంతకం కూడా ఉండాలి.

ఆఖరిది, చాలామంది మర్చిపోయేది. కౌలు కింద ప్రామిసరీ నోటు రాసిచ్చారా? డబ్బు ఇచ్చేటప్పుడే ఆ నోటు వెనక్కి తీసుకోండి. కొంతే కట్టగలిగితే నోటు వెనక చెల్లు వేయించండి. నోటు ఆయన దగ్గరే ఉండిపోతే, తీరిన బాకీకే మళ్లీ కోర్టు నోటీసు రావచ్చు.

మీ ఊళ్లో కౌలు బస్తాల్లోనా, డబ్బులోనా? కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి.