మందుని బయటకి గెంటేసే పంపు: దాన్ని ఆపేస్తే క్యాన్సర్ తగ్గిపోతుందా?

ఇవాళ ఒక పంపు గురించి మాట్లాడుకుందాం. బోరు పంపు కాదండోయ్, మన కణాల పైపొరలో ఉండే ప్రోటీన్ పంపు. లోపలికొచ్చిన మందుని పట్టుకుని బయటకి గెంటేయడమే దీని డ్యూటీ. "కీమో మొదట్లో బాగా పనిచేసింది, తర్వాత పనిచేయడం మానేసింది" అనే మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అలా జరగడానికి ఉన్న కారణాల్లో ఈ పంపు ఒకటి. వెంటనే మనకొచ్చే డౌట్ ఏంటి? మరి ఆ పంపుని ఆపేసే మందు ఇచ్చేస్తే సరిపోతుంది కదా! డాక్టర్లకి కూడా ఇదే ఐడియా వచ్చింది. ఏమైందో చూద్దాం.

ముందు ఇది ఎలా దొరికిందో చెప్తాను. 1976లో కెనడాలో రుడాల్ఫ్ జూలియానో, విక్టర్ లింగ్ అనే ఇద్దరు సైంటిస్టులు హామ్‌స్టర్ కణాల మీద పనిచేస్తున్నారు. హామ్‌స్టర్ అంటే చిట్టెలుక లాంటి జంతువు. ఆ కణాలు కాల్చిసిన్ అనే మందుకి లొంగకుండా తయారయ్యాయి. ఒక మందుకి అలవాటు పడ్డాయంటే ఓకే, అర్థం చేసుకోవచ్చు. వింత ఏంటంటే, అవి ఎప్పుడూ చూడని వేరే మందులకి కూడా లొంగట్లేదు. ఆ మందులకీ కాల్చిసిన్‌కీ నిర్మాణంలో పోలికే లేదు. ఒక తాళం మారిస్తే ఊళ్ళో తాళాలన్నీ మారిపోయినట్టు అన్నమాట. వెతికితే, ఆ కణాల పైపొరలో ఒక పెద్ద ప్రోటీన్ మామూలు కంటే చాలా ఎక్కువగా కనిపించింది. దానికి పి-గ్లైకోప్రోటీన్ అని పేరు పెట్టారు. మనం షార్ట్‌గా పి-జీపీ అందాం.

ఇది ఏబీసీ ట్రాన్స్‌పోర్టర్లు అనే పెద్ద ఫ్యామిలీకి చెందింది. ఏబీసీ అంటే ఏటీపీ బైండింగ్ క్యాసెట్. ఏటీపీని పట్టుకునే భాగం వీటన్నిటిలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టే ఎనర్జీ కరెన్సీ అని ఇంటర్‌లో చదువుకున్నాం, గుర్తుందా?

ఇప్పుడు పంపు ఎలా తిరుగుతుందో చూద్దాం. రెండు అరచేతులు తలకిందులుగా పెట్టి, పైన మణికట్లు కలిపి, కింద వేళ్ళు విడదీసినట్టు ఊహించుకోండి. పైవైపు కణం బయట, కిందవైపు కణం లోపల. మధ్యలో ఉన్న ఖాళీయే మందు కూర్చునే చోటు. ఆ ఖాళీ పెద్దది, గోడలు జిడ్డుగా ఉంటాయి. నూనెలో కరిగే స్వభావం ఉన్న రకరకాల మందులు అక్కడ అతుక్కోగలవు. ఒకే తాళంచెవికి సరిపోయే కన్నం కాదు ఇది, చేతికొచ్చింది వేసుకునే సంచీ లాంటిది. అందుకే సంబంధం లేని ఇన్ని మందుల్ని ఒక్క ప్రోటీనే గెంటేయగలుగుతోంది. ఇంకో విషయం, చాలా మందుల్ని ఇది కణం మధ్యదాకా రానివ్వదు. పైపొర దాటుతుండగానే ఆ పొరలోంచే లాగేస్తుంది.

మందు కూర్చున్నాక ఏటీపీ పాత్ర మొదలవుతుంది. కింద విడిగా ఉన్న రెండు చివర్ల మధ్య రెండు ఏటీపీలు వచ్చి చేరతాయి. వాటిని పట్టుకుని ఆ చివర్లు దగ్గరకొచ్చి మూసుకుంటాయి. కింద మూసుకోగానే పైన తెరుచుకుంటుంది, మందు బయటకి పోతుంది. తర్వాత ఏటీపీ విరిగి, పంపు మళ్ళీ మొదటి పొజిషన్‌కి వస్తుంది. ఏటీపీ లేకపోతే ఈ సైకిల్ ఆగిపోతుంది.

ఇక్కడ ఒక పాయింట్ జాగ్రత్తగా చూడండి. మందు కణంలోకి రావడం ఆగదు, వస్తూనే ఉంటుంది. చిల్లుపడ్డ పడవలోంచి నీళ్ళు తోడి పోస్తున్నట్టు అనుకోండి. నీళ్ళు వచ్చే స్పీడు కంటే తోడే స్పీడు ఎక్కువుంటే పడవ మునగదు. కీమో ఇచ్చినప్పుడు పంపులు తక్కువున్న కణాలు చచ్చిపోతాయి, ఎక్కువున్నవి మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి. తర్వాతి రౌండ్‌లో అదే మందు అదే డోసులో ఇచ్చినా పడవ మునగదు. డోసు పెంచుదామంటే పేషెంట్ శరీరం తట్టుకోదు.

పంపే కారణమని ల్యాబ్‌లో ఎలా తెలుస్తుంది? దీనికి చక్కటి టెస్ట్ ఉంది. కాల్సీన్ ఏఎం అనే పదార్థం మామూలుగా మెరవదు. కణంలోకి వెళ్ళి అక్కడి ఎంజైములు దాన్ని కోస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. పి-జీపీ బాగా ఉన్న కణం దాన్ని కోయకముందే గెంటేస్తుంది, కాబట్టి చీకటిగానే ఉంటుంది. ఇప్పుడు పంపుని ఆపే మందు కలపండి. కణం మెరవడం మొదలైతే, దొంగ దొరికినట్టే. మందు కలిపినా మెరుపు పెరగలేదా? అప్పుడు కారణం వేరే చోట వెతకాలి.

సరే, ఆపే మందు ఉందన్నమాట. 1981లో జపాన్‌లో తకాషి త్సురువో టీమ్, బీపీకి, గుండెకి వాడే వెరాపమిల్ కలిపితే మొండి లుకేమియా కణాలు మళ్ళీ విన్‌క్రిస్టిన్‌కి లొంగుతున్నాయని చూపించింది. అందరికీ ఆశ పుట్టింది. కానీ ఈ పంపు క్యాన్సర్ కనిపెట్టిన వస్తువు కాదు. మనందరి పేగుల్లో, లివర్‌లో, కిడ్నీల్లో, మెదడు రక్తనాళాల గోడల్లో పుట్టుకతోనే ఉంది. అది అక్కడ ఏం చేస్తోందో 1994లో కొన్ని ఎలుకలు చెప్పాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్ఫ్రెడ్ షింకెల్ టీమ్ ఈ పంపు జీన్ లేని ఎలుకల్ని తయారుచేసింది. చూడ్డానికి అవి మామూలుగానే ఉన్నాయి, పిల్లల్ని కూడా కంటున్నాయి. పంపు లేకపోయినా ఫర్వాలేదనిపించింది. తర్వాత వాటి ఒంటిమీద పురుగులు పడితే, ఎప్పుడూ వాడే ఐవర్‌మెక్టిన్ మందు కొట్టారు. మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు. పంపు లేనివి చనిపోయాయి. కోవిడ్ టైంలో మనం పేరు విన్న ఐవర్‌మెక్టినే ఇది. కొలిచి చూస్తే, ఆ ఎలుకలు ఈ మందుకి సుమారు 100 రెట్లు ఎక్కువ సెన్సిటివ్ అని తేలింది. మామూలు ఎలుకల్లో మెదడు గుమ్మం దగ్గర పి-జీపీ కాపలా కాసి మందుని వెనక్కి పంపుతోంది. వీటిలో కాపలా లేదు, మందు నేరుగా మెదడుకి చేరింది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి పుట్టుకతోనే ఈ జీన్‌లో లోపం ఉంటుంది. అందుకే వాటికి ఎక్కువ డోసు ఐవర్‌మెక్టిన్ ప్రమాదం.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి రండి. క్యాన్సర్ కణంలో పంపుని ఆపే మందు, లివర్‌లో పంపుని కూడా ఆపుతుంది. అంటే కీమో మందు శరీరంలోంచి బయటకి పోవడం తగ్గి, రక్తంలో పేరుకుంటుంది. వెరాపమిల్ అయితే సరిపడా డోసు ఇచ్చేలోపే గుండెకి ఇబ్బంది. తర్వాత వచ్చిన వాల్‌స్పోడార్‌తో కీమో డోసు తగ్గించాల్సి వచ్చింది. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టైంది. పెద్ద ట్రయల్స్‌లో ఆశించిన లాభం రాలేదు. పైగా క్యాన్సర్ కణానికి ఇదొక్కటే దారి కాదు. ఇదే ఫ్యామిలీలో వేరే పంపులున్నాయి, దెబ్బతిన్న డీఎన్ఏని రిపేర్ చేసుకునే దారులున్నాయి. ఒకటి మూస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది.

అందుకే ఇప్పుడు దారి మార్చారు. కొత్త మందు తయారుచేసేటప్పుడే పి-జీపీ దాన్ని పట్టుకుంటుందా లేదా అని ల్యాబ్‌లో చెక్ చేస్తారు. మెదడులో పనిచేయాల్సిన మందైతే పంపుకి దొరకకుండా డిజైన్ చేస్తారు. మెదడుకి వెళ్ళకూడని మందైతే పంపు ఉండటమే మంచిది. విరేచనాలకి వాడే లోపెరమైడ్ నిజానికి ఓపియాయిడ్ జాతి మందే. మామూలు డోసులో మత్తు రాకపోవడానికి ముఖ్య కారణం, ఈ పంపు దాన్ని మెదడు గుమ్మం దగ్గరే ఆపేయడం.

ఒక్క మాట, ఇది ఇంట్లో పనికొచ్చేది. తాతయ్యకో అమ్మమ్మకో గుండెకి డిగాక్సిన్ వాడుతుంటే, ఆ మందుని బయటకి పంపడంలో పి-జీపీ పాత్ర ఉంది. దాంతోపాటు వెరాపమిల్ మొదలుపెడితే డిగాక్సిన్ రక్తంలో పెరగొచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్ పంపుల్ని పెంచుతుంది కాబట్టి డిగాక్సిన్ తగ్గొచ్చు. అందుకని ఇంకో డాక్టర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపకండి, మార్చకండి.

డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.