పప్పులో కలిపిన మాత్ర

మార్కాపురం, గిద్దలూరు వైపు ఏ సంఘానికి పోయినా మమ్మల్ని అడిగేది ఒకటే: "ఆయనకు తెలియకుండా కూరలో కలిపే మందు ఉందా?"

ఆ మందు డైసల్ఫిరాం. మన అక్క ఒకామె ఎవరో ఇచ్చిన ఆ మాత్రను పొద్దున పప్పులో కలిపింది. సాయంత్రం ఆయన క్వార్టర్ తాగాడు. పావుగంటలో ముఖం ఎర్రబడింది, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోయింది. 108లో ఆసుపత్రికి తీసుకుపోతే బతికాడు.

మద్యం ఒంట్లోకి పోగానే ముందు ఒక విషంగా మారుతుంది. దాన్ని కాలేయం విరిచేస్తుంది. ఈ మాత్ర ఆ విరిచే పనిని ఆపుతుంది, విషం పేరుకుపోతుంది. అంటే ఇది కోరికను తగ్గించదు. తాగితే ఏమవుతుందోనన్న భయమే దీని బలం. మాత్ర మింగినట్టే తెలియని మనిషికి ఆ భయం ఎక్కడిది?

కాబట్టి ఆయన ఒప్పుకోవాలి. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. అందుకే డాక్టరు ముందు క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇస్తారు. తర్వాత కాలేయం, గుండె పరీక్షించి, మద్యం ముట్టి కనీసం ఒక రోజు దాటాకే డైసల్ఫిరాం మొదలుపెడతారు. అప్పుడు రోజూ పొద్దున మన ఎదుటే మింగించాలి. మాత్ర ఆపినా రెండు వారాల దాకా మద్యం ప్రమాదమే.

కోరికను తగ్గించేవి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్. ఎవరికి ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పప్పుగిన్నెలో మాత్రం కలపకండి.