సైఫన్ కాఫీ: నీళ్లు పైకెందుకు ఎక్కుతాయి, కాఫీ కిందికెందుకు దిగుతుంది

ముందు వరుసలో కూర్చున్న పిల్లలు కాస్త వెనక్కి జరగండి. బల్ల మీద స్పిరిట్ దీపం వెలిగించబోతున్నాను, పైగా ఇదంతా గాజు వ్యవహారం.

ఈ పరికరాన్ని చూడగానే ఇంటర్‌మీడియట్ కెమిస్ట్రీ ల్యాబు గుర్తొచ్చి ఉంటుంది మీకు. కింద గుండ్రటి గాజు బుడ్డి. పైన ఇంకో గాజు పాత్ర. పై పాత్ర అడుగు నుంచి ఒక సన్నటి గొట్టం దిగి, బుడ్డి అడుగుకు కాస్త ఎత్తులో ఆగిపోతుంది. రెండూ కలిసే చోట రబ్బరు బిరడా. పై పాత్ర అడుగున గుడ్డ తొడిగిన గుండ్రటి బిళ్ల ఉంది, అదే ఫిల్టరు. దానికో స్ప్రింగు, స్ప్రింగుకో పూసల గొలుసు, చివర ఒక కొక్కెం. ఆ కొక్కేన్ని గొట్టం అంచుకు తగిలిస్తే ఫిల్టరు కదలకుండా బిగుసుకుంటుంది.

కథ పాతదే. ఫ్రాన్సులో లియాన్ నగరానికి చెందిన మదాం వాస్యూ అనే ఆవిడ 1842లో ఇలాంటి రెండు గాజు బుడ్ల యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. ఆనాటి గాజు మంట మీద ఊరికే పగిలిపోయేది. వేడిని తట్టుకునే పైరెక్స్ గాజు 1915లో అమెరికాలో అమ్మకానికి వచ్చాక గానీ దీనికి ధైర్యం రాలేదు. తర్వాత అమెరికా దీన్ని మెల్లగా మరిచిపోయింది. జపాన్ మాత్రం వదల్లేదు. అక్కడి పాతకాలపు కాఫీ హోటళ్లలో, కిస్సాతెన్ అంటారు వాటిని, ఇప్పటికీ కౌంటరు మీద ఈ బుడ్లు వరసగా నిలబడి ఉంటాయి. నా ముందున్నది కూడా జపాన్ పద్ధతిలో చేసిన రెండు కప్పుల సైఫనే.

ఇక అసలు సంగతి. నీళ్లు పైకి ఎందుకెక్కుతాయని అడిగితే, మరిగి ఎక్కుతాయంటారు దాదాపు అందరూ. అది నిజం కాదని ముందు చూపిస్తాను. బుడ్డిలో 240 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు పోశాను. మీ హాల్లో ఉన్న నీళ్లే, 30 డిగ్రీలున్నాయి. పై పాత్రను బిగించేశాను. కింద దీపం. చూస్తూ ఉండండి.

అదిగో, గొట్టంలో నీళ్లు లేస్తున్నాయి. బుడ్డిని ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగానే ఉంది. మరుగుకూ దీనికీ సంబంధమే లేదు. బుడ్డిలో నీటి పైన గాలి చిక్కుకుపోయింది. వేడెక్కేసరికి అది వ్యాకోచిస్తోంది, దానికి నీటి ఆవిరి కూడా తోడవుతోంది. రెండింటి ఒత్తిడీ కలిసి నీటిని కిందికి నొక్కుతుంటే, నీళ్లకు ఉన్న ఒకే ఒక్క దారి ఆ గొట్టం. దీనికి పెద్ద బలం కూడా అక్కర్లేదు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి పది మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. ఇక్కడ నీళ్లు ఎక్కాల్సింది సుమారు పదిహేను సెంటీమీటర్లు. అంటే లోపలి ఒత్తిడి బయటికంటే ఒకటిన్నర శాతం పెరిగితే చాలు. 40 డిగ్రీలు దాటకముందే అది వచ్చేస్తుంది.

అయితే మొదట ఎక్కినంత సులభంగా చివరి నీళ్లు ఎక్కవు. నీళ్లు పైకి పోయేకొద్దీ కింద ఖాళీ పెరుగుతుంది, గాలి పలచబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంకా ఆవిరి కావాలి, ఆవిరి కావాలంటే ఇంకా వేడి కావాలి. ఈ బుడ్డి సుమారు 400 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో 240 నీళ్లు పోస్తే 160 గాలి మిగిలింది. నీళ్లన్నీ పోయేసరికి ఆ గాలి రెండింతలకు పైగా చోటు నింపాలి. లెక్క వేస్తే, ఆఖరి నీళ్లు ఎక్కేటప్పటికి కింద ఉండేది 84 డిగ్రీల దాపు. మొదట ఎక్కినవి గోరువెచ్చటివి, ఆఖరివి 84వి. కలిపితే పై పాత్రలో ఉన్న నీళ్ల వేడి ఎంతో మీరే ఊహించుకోండి. ఇప్పుడందులో కాఫీ పొడి వేస్తే వచ్చేది పులుపు ఒకటే, తీపి రాదు, చిక్కదనం అసలే రాదు.

అందుకని తెలిసినవాళ్లు పై పాత్రను మొదటే బిగించరు. గొలుసు నీళ్లలో వేలాడేలా, పాత్రను బుడ్డి అంచుకు వాలుగా ఆనించి ఉంచుతారు. నీళ్లు 95 డిగ్రీల దాకా కాగేటప్పటికి బుడ్డిలో గాలి చాలావరకు పోయి ఆవిరే నిండి ఉంటుంది. అప్పుడు నిటారుగా నిలిపి బిగిస్తారు. ఇప్పుడు పైకి తోసేది దాదాపుగా ఆవిరే. ఆవిరికి అంత బలం రావాలంటే వేడి మరిగే స్థాయికి దగ్గరగా ఉండి తీరాలి. ఇదే బుడ్డి, ఇవే నీళ్లు, కానీ ఇప్పుడు ఆఖరి నీళ్లు 98 దాకా వెళ్తే గానీ ఎక్కవు. పైన చల్లటి గాజు కొంత వేడిని లాగేసుకున్నా, 90కి పైనే నిలుస్తాయి. బిగించే క్షణమే కాఫీకి తగిలే వేడిని నిర్ణయిస్తుందన్నమాట. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సైఫన్ సగం చేతికి వచ్చినట్టే.

ఎప్పుడు బిగించాలో థర్మామీటరు లేకుండానే తెలుస్తుంది. ఆ పూసల గొలుసు చూడండి, అది స్ప్రింగును లాగడానికి మాత్రమే కాదు. నున్నటి గాజులో నీళ్లు కొన్నిసార్లు మరగాల్సిన వేడి దాటినా మరగకుండా ఉండి, ఒక్కసారిగా ఎగసిపడతాయి. గొలుసు గరుకుతనం బుడగలు పుట్టడానికి చోటిస్తుంది. పూసల మీంచి సన్నటి బుడగలు వరసకట్టి లేస్తున్నాయంటే సమయం దగ్గరపడినట్టు.

మొదటి విడత నీళ్లు దించేసి, ఈసారి ఇలాగే కాచి బిగించాను. చూశారా, ఎక్కేశాయి. కింద రెండు మూడు చెంచాల నీళ్లు మిగిలాయి, అవి గొట్టానికి అందవు. అవి అలాగే మరుగుతూ ఉండాలి. వాటి ఆవిరే గొట్టంలోంచి పైకి వస్తూ పై నీళ్లను కిందికి జారనీయకుండా పట్టి ఉంచుతుంది, కాస్త వేడి కూడా ఇస్తుంది. ఫిల్టరు నడిమధ్యన కూర్చుంటే చుట్టూ చిన్న బుడగలు సమంగా వస్తాయి. ఒక పక్కనుంచే పెద్ద బుడగలు తన్నుకొస్తుంటే ఫిల్టరు పక్కకు ఒరిగిందని అర్థం. పొడి వెయ్యకముందే వెదురు తెడ్డుతో సర్దెయ్యాలి. లేకపోతే పిప్పి కప్పులోకి దిగుతుంది. ఇక నీళ్లు ఎక్కకుండా బిరడా దగ్గర బుస్సుమంటోందా, అక్కడ ఆవిరి కారిపోతోంది. మంట తీసి, బుడ్డి కాస్త చల్లారాక రబ్బరు మార్చాలి తప్ప వేడి గాజును నొక్కకూడదు. బుడ్డి బయటివైపు తడి ఉంటే మంట పెట్టకముందే తుడిచెయ్యండి.

మంట తగ్గించాను. ఇప్పుడు 16 గ్రాముల పొడి. ఇది అరకు అరబికా, మధ్యస్థంగా వేయించింది, మన ఫిల్టరు పొడికంటే కొంచెం మొరటుగా మర పట్టించాను. చికోరీ కలిపిన మెత్తటి పొడి ఇందులో వెయ్యకండి. గుడ్డ రంధ్రాలు మూసుకుపోయి కాఫీ కిందికి దిగనే దిగదు. తెడ్డుతో నాలుగైదుసార్లు తిప్పితే పొడి మొత్తం తడుస్తుంది. ఇప్పుడు పక్కనుంచి చూడండి, మూడు పొరలు కనిపిస్తాయి. పైన నురగ, మధ్యలో పొడి, కింద కాఫీ. జపాన్ వాళ్లు ఈ మూడు పొరలు చూసే పొడి సరిగ్గా తడిసిందా లేదా చెప్తారు. నిమిషం దాకా ఇలాగే ఉంచాలి. ఇంత వేడిలో ఇంకా ఆలస్యం చేస్తే చేదు దిగడం మొదలవుతుంది.

నిమిషం అయింది. దీపం తీసేస్తున్నాను, ఇంకోసారి తిప్పుతున్నాను. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. ఇప్పుడు చూడండి!

ఈ పరుగు చూసి కాఫీ బరువుకే దిగుతోందనుకోవద్దు. వేడి పప్పుచారు స్టీలు డబ్బాలో పోసి మూత గట్టిగా పెడితే, చల్లారాక ఆ మూత ఎందుకు ఊడిరాదో తెలుసుగా? లోపలి ఆవిరి నీరై ఒత్తిడి పడిపోయింది, బయటి గాలి మూతను నొక్కిపెట్టింది. ఇక్కడా అంతే. నూరు డిగ్రీల ఆవిరి తొంభైకి చల్లారితే చాలు, దాని ఒత్తిడి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఆ తేడా మూడు మీటర్ల నీటి బరువుతో సమానం. అంత తేడా పూర్తిగా వచ్చేలోపే కాఫీ దూసుకెళ్లి ఖాళీని నింపేస్తుంది. అంటే ఈ హాల్లో ఉన్న గాలే పొడి మీద కూర్చుని, గుడ్డలోంచి కాఫీని పిండుతోంది. మన ఇత్తడి ఫిల్టరులో డికాక్షన్ చుక్కచుక్కగా రాత్రంతా దిగితే, ఇక్కడ అర నిమిషం, ముప్పావు నిమిషం చాలు.

చివర్లో గరగర శబ్దం వచ్చి, కింద కాఫీలో నురగ పొంగింది, విన్నారా? అది కాఫీ అయిపోయాక పిప్పిలోంచి లోపలికి దూరిన గాలి. పైన పిప్పి గుమ్మటంలా నిలబడి ఉంది. తిప్పడం కుదిరితేనే ఇంత గుండ్రంగా నిలుస్తుంది. కాఫీ దిగడానికి నిమిషం దాటిందంటే పొడి మరీ మెత్తగా ఉందనో, గుడ్డ మూసుకుపోయిందనో లెక్క. అలాంటి కప్పు నాలుక మీద వగరుగా పట్టేస్తుంది. బుడ్డికి తడిగుడ్డ చుట్టి తొందరపెట్టేవాళ్లూ ఉన్నారు. గాజు తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు, నేను చెయ్యను.

మరి రుచి? కాగితం ఫిల్టరు కాఫీ నూనెను దాదాపు ఆపేస్తుంది. ఇనుప జల్లెడ నూనెతోపాటు పొడి నలుసుల్నీ వదిలేస్తుంది. గుడ్డ రెండింటి మధ్యన ఉంటుంది. నూనె కొంత వస్తుంది, నలుసులు ఆగిపోతాయి. అందుకే ఈ కాఫీ పలచగా కనిపిస్తుంది, గాజులోంచి అవతలి వెలుతురు ఎర్రగా తెలుస్తుంది, నోట్లో మాత్రం కాస్త నునుపుగా పట్టుకుంటుంది. మన డికాక్షన్ బలం ఇందులో వెతక్కండి, ఉండదు. పాలు పోస్తే ఇది మాయమైపోతుంది. డికాక్షన్ పాలకోసం పుట్టిన సరుకు, దాని దారి వేరు.

ఇప్పుడే తాగితే మాత్రం ఏమీ తెలియదు, నోరు కాలుతుంది. బుడ్డి వేడిగా ఉండటంతో కప్పులోకి వచ్చేటప్పటికి కూడా ఇది చాలా వేడిగానే ఉంటుంది. మొదటి గుక్కలో వాసనే ఎక్కువ. నాలుగైదు నిమిషాలు ఆగాక సన్నటి పులుపు, దాని వెనక బెల్లం లాంటి తీపి విడివిడిగా తెలుస్తాయి. ఇంకా చల్లారినప్పుడు చేదు పైకి తేలితే, నిమిషానికి మించి ఉంచామనో, మంట ఎక్కువైందనో అర్థం. పులుపు మాత్రమే మిగిలితే బిగించడంలో తొందరపడ్డామని.

ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పాడయ్యేది గాజుకంటే ముందు గుడ్డే. దానికి సబ్బు తగలనివ్వకండి, వాసన పోదు. వేణ్నీళ్లలో కడిగి, మంచినీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచండి, ఆ నీళ్లు రోజూ మార్చండి. ఎండబెడితే అందులో మిగిలిన కాఫీ నూనె ముక్కిపోయి, మర్నాడు కప్పులో ముక్కిన వాసన వస్తుంది. వాసన చూస్తే తెలిసిపోతుంది. వస్తే పారేసి కొత్తది కట్టండి, గుడ్డ దగ్గర పొదుపు పనికిరాదు.

రెండు కప్పులే ఉన్నాయి, మీరు చాలామంది ఉన్నారు. చిన్న గ్లాసుల్లో తలా ఒక గుక్క పోస్తాను. ఈలోగా ఇంకో విడత నీళ్లు పెడతాను, ఈసారి పై పాత్రను ఎప్పుడు బిగించాలో మీరు చెప్పాలి.