రెండో విడత పైసలు యూనివర్సిటీకే పోవాలె

(ఎర్రగడ్డ బస్తీ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



1917లో బాబాసాహెబ్ లండన్ చదువు సగంలో ఆపి ఓడెక్కారు. చదవలేక కాదు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరిపోయింది. మళ్ళీ 1920లో, జీతంలో మిగుల్చుకున్నది, కొల్హాపూర్ మహారాజు సాయం, స్నేహితుడు నావల్ బథేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు కలుపుకొని పోయి ఆ చదువు పూర్తి చేశారు. పైసలు ఆగితే ఎంతటి చదువైనా ఆగుతుందని అప్పుడే తేలింది.

ఇయ్యాల మన పిల్లలు బ్యాంకు అప్పు మీద విదేశాలకు పోతున్నారు. మొదటి విడత కోసం ఇంటిల్లిపాదీ బ్యాంకు చుట్టూ తిరుగుతాం. పిల్ల విమానం ఎక్కినంక ఊపిరి పీల్చుకుంటాం. ఆర్నెల్లకు రెండో విడత వస్తుందని మర్చిపోతాం. ఇయ్యాల నేను ఆ రెండో విడత గురించే చెప్తా. మన బస్తీలో ఒక ఇంట్లో జరిగింది చెప్తా. పేర్లు వద్దు.

తండ్రి మున్సిపాలిటీలో పారిశుధ్య పని చేసి రిటైరయ్యాడు. రెండు గదుల ఇల్లు బ్యాంకులో తాకట్టు పెట్టి బిడ్డను అమెరికాలో ఎమ్మెస్‌కు పంపాడు. 30 లక్షలు మంజూరైంది. మొదటి సెమిస్టర్ ఫీజు పోయింది. రెండో సెమిస్టర్ ఫీజు కట్టే ఆఖరు తేదీ జనవరి 9. డిసెంబర్ మొదటి వారంలో తండ్రి ఒక కాయితం పట్టుకొని బ్యాంకుకు పోయాడు. "రెండో విడత విడుదల చేయగలరు" అని ఒక్క వాక్యం. వెనక ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన ఒక పేజీ. సాయంత్రం తల్లి మా ఇంటికొచ్చింది.

"సారూ, కాయితం వాపసిచ్చిండ్రు. అప్పు ఇయ్యమంటుండ్రేమో సారూ" అన్నది.

"అప్పు మంజూరైంది అక్కా, ఇయ్యమనరు. కాయితంలో ఏం తక్కువైందో చూద్దాం, ఇట్లియ్యి" అన్నా.

చూస్తే తక్కువైంది మూడు. ఒకటి, ఆ పేజీ ఫీజు బిల్లు కాదు. వీసాకు ముందు యూనివర్సిటీ ఇచ్చిన ఏడాది ఖర్చు అంచనా. అందులో తిండి, గది కిరాయి, పుస్తకాలు అన్నీ కలిపి 28,000 డాలర్లు ఉంది. సగం 14,000 అవుతుంది. కాని ఆ సెమిస్టర్‌కు పిల్ల నిజంగా కట్టాల్సింది 10,650 డాలర్లే. అంచనా చూసి బ్యాంకు పైసలు పంపదు, పంపకూడదు కూడా. రెండు, ఆఖరు తేదీ లేదు. అది లేకపోతే మన కాయితం అన్ని కాయితాల కింద పడుంటుంది. మూడు, పైసలు ఎవరికి పంపాలో లేదు. యూనివర్సిటీ బ్యాంకు ఖాతా వివరాలే లేవు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆ తండ్రికి చుట్టాలు ఏం సలహా ఇచ్చారంటే, "పైసలు నీ ఖాతాల ఏయించుకో, నువ్వే పంపు" అని. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ పెట్టుకున్న ఒకాయన "మా ఖాతాలో వెయ్యండి, మేం కడతాం" అన్నాడట. రెండూ వద్దు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ తయారుచేసిన మాదిరి విద్యారుణ పథకంలోనే, అప్పును విడతలుగా, వీలైనంత వరకు నేరుగా విద్యాసంస్థకే ఇవ్వాలని ఉంది. నేరుగా పంపమని అడగడం దయ కోరడం కాదు. మన ఇంటి ఖాతాలో ఎనిమిది లక్షలు పడితే ఏమవుతుందో మీకు తెలుసు. పెళ్ళి అప్పోడు వస్తాడు, ఆస్పత్రి ఖర్చొస్తుంది. ఆ పైసలు ఖాతాలో ఊరకే పడున్నా వడ్డీ మాత్రం బ్యాంకు ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది. ఎనిమిది లక్షల మీద నూటికి ఏడాదికి పది చొప్పున చూస్తే నెలకు 6,600 పైనే. అందుకే ముందే తీసుకోవద్దు, మన చేతికి తీసుకోవద్దు. గది కిరాయి, తిండి పైసలు వేరు. అవి పిల్ల ఖాతాకు పోతాయి, వాటికి వేరే కాయితం రాయాలి.

సరే, ఆ రాత్రే పిల్లతో ఫోన్లో మాట్లాడినం. యూనివర్సిటీ ఖాతాలో తన పేరు, విద్యార్థి నంబరు ఉన్న బిల్లు తీసి పంపమన్నాం. పంపింది. తొమ్మిది క్రెడిట్లకు ట్యూషన్ 8,640 డాలర్లు, తప్పనిసరి ఫీజులు 760, ఆరోగ్య బీమా 1,250. మొత్తం 10,650. కింద ఆఖరు తేదీ. దీన్నే బ్యాంకోళ్ళు ఫీజు షెడ్యూల్ అంటారు. దాంతోపాటు యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చే వైర్ వివరాల పేజీ: ఖాతా పేరు, ఖాతా నంబరు, వాళ్ళ బ్యాంకు పేరు, అడ్రసు, స్విఫ్ట్ కోడ్. కొన్ని యూనివర్సిటీలు ఫీజు వసూలుకు వేరే కంపెనీని పెట్టుకుంటాయి. అప్పుడు ఖాతా పేరు యూనివర్సిటీది కాకుండా ఆ కంపెనీది ఉంటుంది. అట్లా ఉంటే యూనివర్సిటీ సొంత పేజీలో ఆ సంగతి రాసిన చోటు కూడా జతచేయాలి. లేకపోతే బ్యాంకు ఆపుతుంది. ఆపడం న్యాయమే.

తెల్లారి మేం రాసిన ఉత్తరం ఇది. రాసుకోండి.

"మేనేజర్ గారికి. మా విద్యారుణ ఖాతా నంబరు ఇది, విద్యార్థి పేరు ఇది, యూనివర్సిటీలో ఆమె నంబరు ఇది. రెండో సెమిస్టర్ ఫీజు 10,650 డాలర్లు, జతచేసిన ఫీజు షెడ్యూల్ ప్రకారం, జతచేసిన వివరాల్లోని యూనివర్సిటీ ఖాతాకు నేరుగా పంపగలరు. ఆఖరు తేదీ జనవరి 9. దయచేసి డిసెంబర్ 30లోగా పంపగలరు. పంపేటప్పుడు విద్యార్థి నంబరు తప్పక రాయగలరు. విదేశీ బ్యాంకు చార్జీలు మేమే భరిస్తాం. మా వాటా సొమ్ము ఈ ఖాతాలో ఉంచాం. పంపిన తర్వాత స్విఫ్ట్ కాపీ ఇవ్వగలరు. జతచేసినవి: ఫీజు షెడ్యూల్, యూనివర్సిటీ ఖాతా వివరాలు, మొదటి సెమిస్టర్ ఫీజు రసీదు, ఎ2 ఫారం. మొదటి సెమిస్టర్ మార్కులు వచ్చిన రోజే అందజేస్తాం."

కింద తండ్రి సంతకం. పిల్ల కూడా బ్యాంకులో నమోదైన తన ఈమెయిల్ నుంచి ఇదే ఉత్తరం పంపింది. అప్పు ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి ఇద్దరి మాటా కావాలి. విదేశానికి పైసలు పంపే ఎ2 ఫారం మీద ఎవరి సంతకం కావాలో పిల్ల విమానం ఎక్కకముందే బ్రాంచిలో అడగండి. కొన్ని బ్యాంకులు పిల్ల రాసిచ్చిన అధికార పత్రం అడుగుతాయి. పోయినంక తెప్పించడం కష్టం. ఆ ఫారంలో ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్ రాయాలి. విదేశీ చదువు ఫీజుకు రాసేది S0305.

మార్కుల సంగతి చూడండి. అమెరికాలో మార్కులు డిసెంబర్ నడిమి దాటినంక వస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ ఆఫీసులు మూస్తారు. జనవరిలో ఇక్కడ సంక్రాంతి. మార్కుల కోసం కూసుంటే ఫీజు తేదీ దాటుతుంది. అందుకే బిల్లు రాంగనే ఉత్తరం ఇయ్యాలి, మార్కులు వెనక ఇయ్యాలి. నవంబర్‌లో బిల్లు వచ్చింది. నవంబర్‌లోనే ఇచ్చి ఉంటే ఇంత ఉరుకులాట ఉండేది కాదు.

ఇన్ని చేసినా ఎనిమిది రోజులు ఏమీ కదలలేదు. పోయి అడిగితే "మీ మార్జిన్ ఏది?" అన్నారు. మార్జిన్ అంటే మన వాటా. మాదిరి పథకంలో నాలుగు లక్షలు దాటిన విదేశీ చదువు అప్పుకు నూటికి పదిహేను మన వాటా. అది మొదట్లో ఒక్కసారి కట్టి మర్చిపోయేది కాదు, ప్రతి విడతకూ దాని వంతు కట్టాలి. ఆ రోజు డాలరుకు 88 రూపాయలు లెక్క కట్టారు. మొత్తం 9,37,200. మన వాటా 1,40,580. బ్యాంకు ఇచ్చేది 7,96,620. తండ్రి ఖాతాలో ఉన్నది 1,35,000. అయిదు వేల అయిదు వందల ఎనభై రూపాయలు తక్కువై ఎనిమిది రోజులు పోయినయి, ఎవరూ చెప్పలేదు. డాలరు ఒక్క రూపాయి పెరిగితే ఈ బిల్లు 10,650 రూపాయలు పెరుగుతుంది. కాబట్టి లెక్కకు మించి పదివేలు ఖాతాలో ఉంచండి. ఇంకోటి, మంజూరైన 30 లక్షలు రూపాయల్లో ఉంది, ఫీజు డాలర్లలో ఉంది. డాలరు పెరిగిన కొద్దీ ఆఖరి సెమిస్టర్‌కు మిగిలేది తగ్గుతుంది. ప్రతి విడత తర్వాత ఎంత మిగిలిందో నోటుబుక్కులో రాసుకోండి.

పన్ను గురించి ఒకరు అడిగారు. ఇంతకుముందు ఏడు లక్షలు దాటితే బ్యాంకు అప్పు మీద పోయే ఫీజుకు కూడా అర శాతం టీసీఎస్ పట్టేవాళ్ళు. 2025 ఏప్రిల్ 1 నుంచి గుర్తింపున్న సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పోయే ఫీజుకు అది లేదు. అదే పైసలు మన సొంత ఖాతా నుంచి పంపితే పరిమితి దాటిన దానిమీద పడుతుంది. నేరుగా పంపించమనడానికి ఇదీ ఒక కారణం.

డిసెంబర్ 29న పైసలు పోయాయి. మిఠాయి పంచారు. జనవరి 6న పిల్ల ఫోన్ చేసింది. ఖాతాలో 25 డాలర్లు బాకీ చూపిస్తున్నదట. ఎట్లా? పైసలు దారిలో ఇంకో బ్యాంకు గుండా పోతాయి, ఆ బ్యాంకు తన కూలి కోసుకుంటుంది. ఫారంలో చార్జీల గడి దగ్గర OUR అని ఉంటే ఆ కూలి మనమే ఇక్కడ కడతాం, అక్కడికి పూర్తి సొమ్ము చేరుతుంది. SHA అని ఉంటే దారిలో కోత పడుతుంది. మా ఉత్తరంలో సరిగ్గానే రాసినం, ఫారంలో మాత్రం SHA పడింది. మేం చూసుకోలేదు. ఆ 25 డాలర్లు చిన్నవి అనుకోకండి. బాకీ ఉంటే ఖాతా మీద ఆపుదల పెడతారు, వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ కానీయరు. కొన్నిచోట్ల తేదీ దాటితే క్లాసుల్లోంచే పేరు తీసేస్తారు. క్లాసుల్లో పేరు లేకపోతే వీసా హోదా పోతుంది. పిల్ల తన దగ్గరి పైసలతో కట్టేసింది.

కాబట్టి బ్యాంకోళ్ళు "పంపినం" అంటే పని అయిపోయినట్టు కాదు. స్విఫ్ట్ కాపీ తీసుకోండి. అందులో పంపిన సొమ్ము, విద్యార్థి నంబరు, చార్జీల గడి చూడండి. దాన్ని పిల్లకు పంపండి. నాలుగైదు పని దినాల్లో పైసలు కనపడకపోతే ఆ కాపీ చూపించే యూనివర్సిటీ వాళ్ళు వెతుకుతారు. పిల్ల ఖాతాలో బాకీ సున్నా అని కనపడ్డ రోజే పని అయినట్టు.

బ్యాంకు కదలకపోతే? ఉత్తరం రెండు కాపీలు తీసుకుపోండి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మాటలతో అడిగితే మాటలే మిగులుతాయి. బ్రాంచిలో కాకపోతే ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కాని ఫీజు తేదీ ముప్పై రోజులు ఆగదు. అందుకే ఈలోగా పిల్ల మంజూరు ఉత్తరం, ముద్ర వేసిన కాపీ యూనివర్సిటీ ఫీజు ఆఫీసుకు పంపి, తేదీ దాటకముందే గడువు అడగాలి. దాటినంక అడిగితే జరిమానా పడుతుంది.

నేను బీఈడీ చదివినప్పుడు నా స్కాలర్‌షిప్ పరీక్షలు అయిపోయినంక వచ్చింది. ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్ ఆపారు. మా అమ్మ చెవి పోగులు కుదువ పెట్టింది. అప్పుడు నాకు ఎవర్ని ఏం అడగాలో తెలియదు, అడగొచ్చని కూడా తెలియదు. ఆ పిల్లకు మూడో సెమిస్టర్ బిల్లు వచ్చింది. ఈసారి ఉత్తరం ఆ తండ్రే చెప్పి రాయించాడు. OUR అనే మాట కింద ఎర్ర సిరాతో గీత గీయించాడు.

జై భీమ్.