ఈ ఎపిసోడ్‌తో సెలవు: బ్రాడీపేట స్టూడియో నుంచి చివరి ప్రసంగ పాఠం

ఇవాళ్టితో ఈ మైకు ముందు నా పని పూర్తవుతుంది.

మన ట్రాన్స్‌మిటర్ శక్తి 50 వాట్లే. కమ్యూనిటీ రేడియోకు ఇచ్చేది అంతే. మహా అయితే పది, పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. మాచర్ల, బొల్లాపల్లి వైపు తండాలకు మన గొంతు చేరదు. మరి గోర్‌బోలి కార్యక్రమాన్ని ఎవరు విన్నారు? మిర్చి సీజనుకు గుంటూరు వచ్చి, తొడిమలు తీసే పనిలో కూర్చున్న మీరే విన్నారు.

రేకుల షెడ్డులో సిగ్నలు సరిగా అందదు. ఫోనులో రేడియో పలకాలంటే ఇయర్‌ఫోను వైరు పెట్టాల్సిందే, ఆ వైరే ఏరియల్. ఒక ఫోనును గుమ్మం దగ్గర ఉంచి, వైరును బయటికి వేలాడదీసి, స్పీకరు పెట్టి పదిమంది వింటున్నారని మీరు చెబితేనే నాకు తెలిసింది. అప్పటి నుంచి పేర్లు నిదానంగా, రెండుసార్లు చదివాను. కారం ఘాటుకు దగ్గే వాళ్ల మధ్య ఒకసారి చదివితే వినపడదు కదా!

మీకు నేను ఎక్కువగా రుణపడింది ఢావ్లో పాటలకు. పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు అమ్మను, వదినను పట్టుకుని ఏడుస్తూ అల్లే పాట అది. మాట ఎక్కడ ఆగుతుందో, ఏడుపు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. పెళ్లి లేకుండా పాడమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, అది అశుభమంటారు. ఒప్పుకున్నా ఒక చిక్కు. గొంతు సన్నగా మొదలై ఒక్కసారిగా పైకి లేస్తుంది. సన్న గొంతుకు తగ్గట్టు మైకు పెంచితే, పైకి లేచినచోట శబ్దం చీలిపోతుంది. ఫోనుతో తీస్తే ఇంకోరకం: పాట ఆగినచోట ఫోను తనంతట తానే శబ్దం పెంచి ఫ్యాను హోరు పట్టుకొస్తుంది. అందుకే ఫ్యాను ఆపమని, ఫోనును నోటికి ఎదురుగా కాక పక్కన, జానెడు దూరంలో పట్టమని గాలిలో చెప్పాను. సీజను అయ్యాక ఇళ్లకు వెళ్లి, పెళ్లిళ్లలో అలాగే తీసి పట్టుకొచ్చారు. మన దగ్గరున్న ఢావ్లోలు అలా వచ్చినవే.

మనకు సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు గానీ, ఆ వెక్కును ఏ అక్షరంతో రాస్తాం? ఫైలు పోతే పాటా పోయినట్టే. అందుకని రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టాం. ఒకటి స్టూడియోలో, ఒకటి సంఘం దగ్గర ఉంటుంది. ఎవరి పాట, ఏ తండా, ఎవరి పెళ్లి అన్నది ఫైలు పేరులోనే రాశాం. పాడినామె వద్దంటే ప్రసారం చేయం. ఆ మాట నా తర్వాతా సాగాలి.

2008 అక్టోబరులో జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియోను పల్లె మహిళలే మొదలుపెట్టారు. వాళ్లు నడిపించారు కదా, మనకెందుకు చేతకాదని నాకు ధైర్యం.

రేపటి నుంచి ఈ కుర్చీలో కూర్చునే అమ్మాయి తండాలో పుట్టింది, పట్నంలో చదివింది. కొన్ని మాటలు ఆమెకు రావు. ఫోను చేసి చెప్పండి, నాకు చెప్పినట్టే.

ఇప్పుడు ఓ యాడీ పాడిన పాట. ఫోను గుమ్మం దగ్గర పెట్టుకోండి.