లెక్క ముందే, అడ్వాన్సు ముందే



మా సంఘంలో పదిమందిమి కలిసి ఫంక్షన్లకు భోజనాలు వండి పంపుతున్నాం. మొదట్లో మొహమాటపడి అడ్వాన్సు అడగలేదు. ఒక ఓణీల ఫంక్షనుకు 200 మందికి, ప్లేటు 120 రూపాయల లెక్కన ఒప్పుకున్నాం. సరుకులు తెచ్చి, కూరగాయలు తరిగేశాక, ముందురోజు రాత్రి "130 మందికే చాలు" అన్నారు. 24,000 రావాల్సింది, 15,600 చేతికొచ్చింది. మాకు కూలి కూడా గిట్టలేదు.

ఆ తర్వాత అందరం కూర్చుని రూల్సు రాసుకున్నాం. ఆర్డరు వారం ముందే చెప్పాలి, సగం డబ్బు అప్పుడే కట్టాలి. సరుకులు రెండు రోజుల ముందు కొంటాం కాబట్టి, మనుషుల లెక్క మూడు రోజుల ముందు ఖాయం చేయాలి. ఆపైన మనుషులు తగ్గినా డబ్బు తగ్గదు. పెరిగితే పది ప్లేట్ల వరకు సర్దుతాం.

మెనూలు రెండే పెట్టాం. మామూలు భోజనంలో పప్పు, వేపుడు, సాంబారు, పచ్చడి, పెరుగు ఉంటాయి. స్పెషల్లో పులిహోర, బూరెలు కలుస్తాయి.

రేటు మనుషుల లెక్కను బట్టి ఉంటుంది. వంటమాస్టరు కూలి, ఆటో బాడుగ కలిపి 3,000 అవుతాయి. 200 మందికైతే ప్లేటుకు 15 రూపాయలు పడుతుంది, 50 మందికైతే 60. అందుకే చిన్న ఆర్డరుకు ప్లేటు రేటు ఎక్కువ. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే చాలామంది ఒప్పుకుంటున్నారు. ఒప్పుకోని ఆర్డరు వదిలేస్తున్నాం.