పంపు మార్చే ముందు యు గొట్టం చూడండి



బోధన్ వైపు ఒక పాల శీతలీకరణ కేంద్రంలో పాలు వేళకు చల్లబడక పులుస్తున్నవని, పంపు మార్చాలని అన్నారు. మేము ముందుగా చల్లనీటి గొట్టంలోని జల్లెడకు ఇరువైపులా పాదరసం పోసిన యు గొట్టాన్ని తగిలించాము. జల్లెడ దాటడంలో నీరు పోగొట్టుకొనే పీడనాన్ని అది చూపుతుంది.

మొదట పంపు ఆపాలి. అప్పుడు రెండు భుజాలలోని పాదరసం ఒకే మట్టానికి రావాలి. రాకుంటే తగిలించిన గొట్టాలలో గాలి బుడగ ఉన్నదన్నమాట, దానిని వదిలించాలి. తరువాత పంపు నడిపి, పాదరసపు ఉబ్బు పైభాగాన్ని కంటికి సమమట్టంలో చదవాలి.

మాకు 40 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. కాని దాని పైన ఇరువైపులా నీరే ఉన్నది గనుక ఒకటి తీసివేసి, 12.6తో గుణించాలి. అంటే 504 మిల్లీమీటర్ల నీటి ఎత్తు. అక్కడి మెకానిక్ ఆ ఒకటి మరచి 544 అన్నాడు.

జల్లెడ విప్పితే నిండా తుప్పు, నాచు. కడిగించి, వాల్వు తిప్పి ప్రవాహాన్ని మునుపటంతే ఉంచి చూడగా తేడా సుమారు 5 మిల్లీమీటర్లే. అంత చిన్న తేడాలో ఒక మిల్లీమీటరు పొరబడితే ఐదోవంతు తప్పు. అందుకని చట్రాన్ని 30 డిగ్రీలకు వాల్చాము. గాజు వెంట తేడా 10 అయింది. నిలువు తేడా అందులో సగం, అంటే 5. నీటి లెక్కన 63. వాలు సరిగా లేకుంటే ఈ సగం లెక్క చెల్లదు.

పంపు మార్చనక్కరలేకపోయింది. ఒక్క మాట: పాదరసం విషం. పాల గొట్టానికి దీనిని ఎన్నడూ తగిలించరాదు.